ఎదుట ఆటగాడు లేనప్పుడు డొమినియన్ ఆడడం ఎలా: కొనుగోలు నియమాలతో నడిచే ప్రత్యర్థి

కార్డులు కొంటూ ఎవరి కట్టను వారు పెంచుకునే డెక్ బిల్డింగ్ ఆటలు ఇష్టపడి, చుట్టుపక్కల ఆడేవారెవరూ లేక, పెట్టెను అటక మీద పెట్టేసినవారు సాధారణంగా రెండు ఉపాయాలు ప్రయత్నించి ఉంటారు. మొదటిది, ఒక్కరి కోసమే తయారైన ఆటను కొనుక్కోవడం. ఫ్రీడెమాన్ ఫ్రీజ్ 2011లో రూపొందించిన 'ఫ్రైడే' అలాంటిది. అందులో రాబిన్సన్‌ను ద్వీపం మీద బతికించడమే ఆటగాడి పని. అది మంచి ఆటే గాని, ఒకే గుట్టలోని కార్డుల కోసం మరొకరితో పోటీపడే అనుభవం అందులో ఉండదు. రెండవది, రెండు వైపులా తామే కూర్చుని ఆడడం. ఇది నాలుగైదు వంతులు గడిచేసరికే విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే అవతలి చేతిలోని ముక్కలు మనకు తెలుసు, అవతలివాడి పథకం కూడా మనదే, తెలియకుండానే ఏదో ఒక వైపు మొగ్గు చూపుతాము.

మూడవ దారి ఒకటుంది. ప్రత్యర్థికి తనదైన కార్డుల కట్ట ఇచ్చి, ఏ పరిస్థితిలో ఏది కొనాలో ముందే కాగితం మీద రాసిపెట్టి, ఆ నియమాల ప్రకారమే దాన్ని నడపాలి. అప్పుడు మనం ఆలోచించేది మన వైపు మాత్రమే. అవతలి వైపు ఉన్నది పేక కలిపినప్పుడు వచ్చే అదృష్టమూ, రాసిపెట్టిన కొనుగోలు పట్టికా. ఈ పద్ధతి అన్నిటికంటే బాగా కుదిరేది డొమినియన్‌కు. డొనాల్డ్ ఎక్స్. వకారినో రూపొందించగా రియో గ్రాండే గేమ్స్ 2008లో తెచ్చిన ఈ ఆటతోనే డెక్ బిల్డింగ్ ఒక ప్రత్యేకమైన తరగతిగా నిలబడింది. ఇందులో ఆటగాళ్లు ఒకరి ముక్కలను ఒకరు నేరుగా అడ్డుకునే సందర్భాలు తక్కువ. ఆట ప్రధానంగా ఒక పరుగుపందెం. అందుకే ప్రత్యర్థికి తెలివితేటలు లేకపోయినా, క్రమం తప్పని వేగం ఉంటే చాలు, మనకు గట్టి పోటీ ఇస్తుంది.

బల్ల మీద అమరిక

ఇద్దరు ఆడే లెక్కతోనే అమర్చండి. మీకు ఏడు కాపర్ నాణెం కార్డులు, మూడు ఎస్టేట్ పాయింట్ల కార్డులు; ఎదుటి వైపు కూడా అవే. మధ్యలో ఎస్టేట్, డచీ, ప్రొవిన్స్ ఒక్కొక్కటి 8 చొప్పున, కర్స్ కార్డులు 10, తక్కిన కాపర్, సిల్వర్, గోల్డ్ గుట్టలు, వాటి పక్కన పది రకాల రాజ్యకార్డులు ఒక్కొక్కటి పది చొప్పున పెట్టాలి. మొదటిసారికి నియమపుస్తకంలో తొలి ఆట కోసం సూచించిన పదింటినే తీసుకోండి. రెండవ ముద్రణలో అవి సెల్లార్, మార్కెట్, మర్చంట్, మిలీషియా, మైన్, మోట్, రీమోడల్, స్మితీ, విలేజ్, వర్క్‌షాప్. ఈ వ్యాసంలోని ఉదాహరణ ఆటలన్నీ ఈ పదింటి మీదే నడుస్తాయి.

ప్రత్యర్థి కట్టను మీకు ఎదురుగా, మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగే పెట్టండి. దాని వంతు ముగియగానే తర్వాతి వంతుకు కావలసిన అయిదు ముక్కలను బోర్లా పంచి పక్కన ఉంచాలి, చూడకూడదు. దాని వంతు వచ్చాకనే పంచుకుందాంలే అనిపిస్తుంది గాని, ఆ సౌకర్యం ఆటను చెడగొడుతుంది. విచ్ ఉన్న వేరే పదితో ఆడుతూ, ఈ మధ్యలో మీరు విచ్ కార్డు వేసి దానికి ఒక కర్స్ అంటగట్టారనుకోండి. అయిదు ముక్కలు ముందే పంచి ఉంటే ఆ కర్స్ దాని పారేసిన గుట్టలో పడి, తర్వాత కలిపినప్పుడు గాని పైకి రాదు. పంచడం ఆలస్యం చేసిన పక్షంలో, సరిగ్గా ఆ సమయంలో కట్ట అయిపోతే, ఆ కర్స్ కూడా కలిసిపోయి వెంటనే దాని చేతిలోకి వచ్చేయవచ్చు. ఇద్దరు మనుషుల మధ్య అలా జరగదు.

కొనుగోలు పట్టిక

ఇప్పుడు ఒక చిన్న కాగితం మీద ఈ వరుస రాసుకోండి. ప్రత్యర్థి తన వంతులో నాణేలు లెక్కపెట్టుకుని, పై నుంచి కిందికి చదువుతూ, వర్తించిన మొదటి నియమం దగ్గర ఆగుతుంది.

1. 8 లేదా అంతకు మించి ఉంటే ప్రొవిన్స్.
2. గుట్టలో నాలుగు లేదా అంతకు తక్కువ ప్రొవిన్సులు మిగిలి, చేతిలో 5 నుంచి 7 ఉంటే డచీ.
3. రెండు లేదా అంతకు తక్కువ ప్రొవిన్సులు మిగిలి, చేతిలో 2 నుంచి 4 ఉంటే ఎస్టేట్.
4. 6 లేదా 7 ఉంటే గోల్డ్.
5. 4 లేదా 5 ఉండి, స్మితీ ఒక్కటి కూడా లేకపోతే స్మితీ. రెండు గోల్డులు చేరిన తర్వాత ఇంకొక స్మితీ. అంతకు మించి వద్దు.
6. 3 నుంచి 5 ఉంటే సిల్వర్.
7. అంతకు తక్కువైతే ఏమీ కొనదు.

స్మితీ చేతిలో ఉంటే అది తప్పకుండా వేస్తుంది, మూడు ముక్కలు తీసుకుంటుంది. రెండు స్మితీలు వస్తే ఒకటే పనిచేస్తుంది, రెండవది వృథా. డబ్బు మీదనే ఆధారపడే ఈ పద్ధతిని డొమినియన్ ఆడేవారు బిగ్ మనీ అంటారు. స్మితీ కూడా లేకుండా కేవలం సిల్వర్, గోల్డులతో నడిపితే నాలుగు ప్రొవిన్సులు చేరడానికి నా బల్ల మీద తరచుగా 16 నుంచి 18 వంతులు పట్టింది. స్మితీ చేర్చితే రెండు మూడు వంతులు ముందే చేరుతుంది. మొదట స్మితీ లేని ప్రత్యర్థితో ఆడి, దాన్ని నిలకడగా గెలుస్తున్నప్పుడు అయిదవ నియమాన్ని చేర్చుకోవచ్చు.

ఇంత సాదా పట్టిక ఎందుకు పనిచేస్తుందో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. ఆట మొదట్లో పది ముక్కలకు ఏడు నాణేలు, అంటే ముక్కకు 0.7, అయిదు ముక్కల చేతికి సగటున మూడున్నర. ప్రొవిన్స్ ధర 8 కాబట్టి ముక్కకు 1.6 నాణేల సగటు కావాలి. రెండేసి నాణేల సిల్వర్లు నాలుగు, మూడేసి నాణేల గోల్డులు నాలుగు కొన్నాక కట్టలో 18 ముక్కలు, 27 నాణేలు, సగటు 1.5, అంటే చేతికి ఏడున్నర. ఇంకో మాటలో చెప్పాలంటే ఎనిమిది కొనుగోళ్లతోనే ప్రొవిన్స్ గడప దగ్గరకు వచ్చేస్తుంది. ఆపైన ఒక్కొక్క ప్రొవిన్స్ కొన్నకొద్దీ, నాణెం విలువ లేని ఆ ముక్క కట్టలో చేరి సగటును తగ్గిస్తుంది. ఈ ఎక్కుడు దిగుడులే ఆ ప్రత్యర్థి వేగాన్ని నిర్ణయిస్తాయి, మీరు ఓడించవలసినది కూడా ఆ వేగాన్నే.

ప్రత్యర్థి వంతు నడిచే తీరు

ఒక ఆటలో దాని మొదటి ఆరు వంతులు ఎలా నడిచాయో చెబుతాను. దీన్ని బల్ల మీద ముక్కలు పెట్టుకుని అనుసరిస్తే, పేక ఎప్పుడు కలపాలన్న సందేహం తీరిపోతుంది.

మొదటి చేతిలో మూడు కాపర్లు, రెండు ఎస్టేట్లు వచ్చాయి. మూడు నాణేలకు సిల్వర్ కొంది. రెండవ చేతిలో తక్కిన నాలుగు కాపర్లు, ఒక ఎస్టేట్. నాలుగుకు స్మితీ కొంది. (మొదటి రెండు చేతులు కలిపి ఎప్పుడూ ఏడు నాణేలే. అవి 4, 3గా విడిపోయే అవకాశం ఆరింట అయిదు వంతులు, 5, 2గా విడిపోయే అవకాశం ఆరింట ఒక వంతు.) ఇప్పుడు కట్ట ఖాళీ, పారేసిన గుట్టలో 12 ముక్కలు. వాటిని కలిపి అయిదు పంచాలి.

మూడవ వంతులో స్మితీ, మూడు కాపర్లు, ఒక ఎస్టేట్ తేలాయి. స్మితీ వేస్తే సిల్వర్, కాపర్, ఎస్టేట్ వచ్చాయి. నాలుగు కాపర్లు, ఒక సిల్వర్ కలిపి ఆరు, గోల్డ్ కొంది. వంతు ముగిశాక పంచబోతే కట్టలో నాలుగే ముక్కలున్నాయి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నాలుగే ఉన్నాయి కదా అని వాటిని కూడా గుట్టలో పడేసి మొత్తం కలిపేస్తారు. అలా చేయకూడదు. ముందు ఆ నాలుగూ పంచాలి, ఆ తర్వాత పారేసిన గుట్టలోని తొమ్మిదింటినీ కలిపి, పై నుంచి అయిదవ ముక్క తీయాలి. ఆ నాలుగు మూడు కాపర్లు, ఒక ఎస్టేట్. అయిదవది కాపర్ అయింది. నాలుగవ వంతులో నాలుగు నాణేలు. స్మితీ ఇప్పటికే ఉంది, గోల్డులు ఇంకా రెండు కాలేదు, కాబట్టి ఆరవ నియమం ప్రకారం సిల్వర్.

అయిదవ వంతులో రెండు కాపర్లు, ఎస్టేట్, గోల్డ్, సిల్వర్. ఏడు నాణేలకు రెండవ గోల్డ్. కట్టలో మిగిలినవి మూడే: స్మితీ, కాపర్, ఎస్టేట్. వాటిని పంచి, తక్కిన 12 కలిపి ఇంకో రెండు తీస్తే కాపర్, సిల్వర్ అయ్యాయి. ఆరవ వంతులో స్మితీ వేయగా గోల్డ్, కాపర్, ఎస్టేట్ వచ్చాయి. మూడు కాపర్లకు మూడు, సిల్వర్‌కు రెండు, గోల్డ్‌కు మూడు, మొత్తం ఎనిమిది. ఆరవ వంతులోనే మొదటి ప్రొవిన్స్ దాని ఖాతాలో పడింది.

ఇది కొంచెం అదృష్టం కలిసిన ఆరంభమే. అయినా, ఎదుట మనిషి లేడని తేలికగా తీసుకుంటే ఏమవుతుందో ఈ ఆరు వంతులూ చూపిస్తాయి. అలవాటయ్యాక దాని వంతుకు పావు నిమిషం చాలు: ముక్కలు తిప్పడం, స్మితీ ఉంటే వేయడం, లెక్కపెట్టడం, కొనడం, పారేయడం, మళ్లీ బోర్లా పంచడం. తొందరలో కొన్న కార్డును పారేసిన గుట్టలో కాక కట్ట మీద పెట్టేయడం నేను చాలాసార్లు చేసిన పొరపాటు. కొనగానే ఆ కార్డు మీద వేలు ఉంచి, నోటితో "గుట్టలోకి" అని చెప్పుకోవడం మొదలుపెట్టాక అది పోయింది.

మీ దాడులకు దాని సమాధానం

మిలీషియా వేస్తే ఎదుటివారు చేతిలో మూడే ముక్కలు ఉంచుకోవాలి. ఏవి వదలాలో మీరు ఎంచితే మళ్లీ పక్షపాతం వస్తుంది, కాబట్టి ఆ వరుస కూడా రాసుకోవాలి: ముందు కర్స్‌లు, ప్రొవిన్స్, డచీ, ఎస్టేట్ వంటి పాయింట్ల కార్డులు, ఆ తర్వాత రెండవ స్మితీ, తర్వాత కాపర్, తర్వాత సిల్వర్. ఒక స్మితీని, గోల్డులను చివరి వరకు వదలదు. విచ్ వేస్తే కర్స్ దాని పారేసిన గుట్టలోకి పోతుంది, అంతకంటే ఆలోచించవలసినది లేదు. రెండవ ముద్రణలోని బ్యాండిట్ దాని పై రెండు ముక్కలను తెరిచి, కాపర్ కాని ఒక నాణెం కార్డును ఆట నుంచి తీసేయిస్తుంది. సిల్వర్, గోల్డ్ రెండూ తేలితే సిల్వర్‌నే వదులుకుంటుందని రాసుకోండి. ప్రత్యర్థి ఆలోచించి నిర్ణయించవలసిన కార్డులు ఎక్కువగా ఉన్న పదిని ఎంచుకోకపోవడం మంచిది. ప్రతి నిర్ణయానికీ ఒక నియమం రాసుకుంటూ పోతే ఆట కంటే కాగితం పెద్దదవుతుంది.

మీ కట్ట ఎందుకు నడవలేదో కనిపెట్టడం

ఈ పద్ధతిలో అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. ప్రత్యర్థి ఎప్పుడూ ఒకే తీరుగా ఆడుతుంది గనుక, మీరు మార్చినది మీ పథకం ఒక్కటే. ఓడితే కారణం మీ కట్టలోనే వెతకవచ్చు. మనుషులతో ఆడేటప్పుడు ఇంత స్పష్టత దొరకదు.

నా మొదటి ఆటల్లో ఒకటి ఉదాహరణగా తీసుకుందాం. విలేజ్ వేస్తే ఒక ముక్క, రెండు యాక్షన్లు, అంటే ఇంకో రెండు యాక్షన్ కార్డులు వేసే అవకాశాలు, వస్తాయి, ధర మూడే. కాబట్టి విలేజ్‌లు పోగుచేస్తే ప్రతి వంతూ పొడవుగా సాగుతుందని నమ్మాను. తొమ్మిది కొనుగోళ్ల తర్వాత నా కట్టలో ఏడు కాపర్లు, మూడు ఎస్టేట్లు, అయిదు విలేజ్‌లు, రెండు స్మితీలు, రెండు సిల్వర్లు ఉన్నాయి. చూడడానికి ఆ కట్ట బ్రహ్మాండంగా కదిలింది. విలేజ్ మీద విలేజ్, దాని మీద స్మితీ, బల్ల నిండా కార్డులు. కానీ ఆ 19 ముక్కలూ ఒకే వంతులో చేతికి వచ్చినా నాణేలు 11 మాత్రమే, కొనడానికి అవకాశం ఒక్కటే. అంటే నా ఉత్తమమైన వంతు కూడా ఒక్క ప్రొవిన్స్‌నే ఇస్తుంది, ఆ ఉత్తమమైన వంతు కూడా అరుదుగా వస్తుంది. ఎదుటి సాదా కట్ట రెండు వంతులకొకసారి ఎనిమిది చేరుస్తూ పోయింది. ఆట ముగిసేసరికి దానివి అయిదు ప్రొవిన్సులు, నావి మూడు.

ఆ ఓటమి తర్వాత నుంచి ప్రతి వంతు చివరా మూడు సంగతులు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి: వాడకుండా మిగిలిన యాక్షన్లు ఎన్ని, వేయలేక చేతిలో ఉండిపోయిన యాక్షన్ కార్డులు ఎన్ని, ఖర్చు కాని నాణేలు ఎన్ని. పది వంతుల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రోగం తనంతట తానే బయటపడుతుంది.

యాక్షన్లు వంతు వంతుకూ రెండు మూడు మిగిలిపోతుంటే విలేజ్‌లు ఎక్కువ, వాటిని వాడుకునే స్మితీలు తక్కువ. స్మితీలు, మిలీషియాలు వేయలేక చేతిలో ఉండిపోతుంటే అందుకు విరుద్ధం. రెండూ లేకుండా ప్రతిసారీ అయిదో ఆరో నాణేల దగ్గరే ఆగిపోతుంటే ముక్కలు బాగానే వస్తున్నాయి గాని వాటిలో డబ్బు లేదు. అప్పుడు ఇంకో యాక్షన్ కార్డు కొనాలన్న కోరికను అణచుకుని గోల్డ్ కొనాలి. పదకొండో పన్నెండో నాణేలు వచ్చి ఒకే కొనుగోలుతో మూడో నాలుగో మిగిలిపోతుంటే మార్కెట్ లేకపోవడమే లోపం, ఎందుకంటే ఈ పదింటిలో అదనపు కొనుగోలు ఇచ్చేది అదొక్కటే. నేను ఓడిన ఆటలో ఈ లెక్క రాసి ఉంటే మొదటి వరుస నిండా రెండ్లూ మూడ్లూ ఉండేవి. అయిదు విలేజ్‌లకు రెండు స్మితీలు ఏ మూలకు?

దిద్దిన పథకం, ఒక ముగింపు

అదే పదితో తర్వాత ఆడిన ఆటల్లో ఒకదాన్ని చివరి వంతుల వరకు చూద్దాం. మొదటి చేతిలో నాలుగు నాణేలు వస్తే మిలీషియా, రెండవ చేతిలో మూడు వస్తే సిల్వర్ కొన్నాను. మిలీషియా తానుగా రెండు నాణేలు ఇస్తుంది, పైగా ఎదుటి చేతిని మూడుకు తగ్గిస్తుంది. అయిదు ముక్కల నిండు చేతి మీద ఆధారపడే ప్రత్యర్థికి ఇంతకంటే ఇబ్బంది ఇంకొకటి లేదు. ఆ తర్వాత రీమోడల్ కొన్నాను. రీమోడల్ ఒక ముక్కను ఆట నుంచి తీసేసి, దాని ధరకు రెండు ఎక్కువ వరకు ఉన్న ఇంకో ముక్కను ఇస్తుంది. ఎస్టేట్ ధర రెండు కాబట్టి దాన్ని తీసేసి నాలుగు ధర గల స్మితీ తెచ్చుకున్నాను: పనికిరాని ముక్క పోయింది, పనికొచ్చేది వచ్చింది, కొనుగోలు ఖర్చు కాలేదు. అయిదు నాణేలు వచ్చినప్పుడల్లా మార్కెట్, ఆరు వస్తే గోల్డ్. విలేజ్‌లు మూడింటితో ఆపేశాను.

ప్రొవిన్సులు రెండే మిగిలిన సమయానికి నావి మూడు, దానివి మూడు. నా రెండు ఎస్టేట్లు కలిపి నాకు 20 పాయింట్లు. దాని మూడు ఎస్టేట్లు కలిపి దానికి 21. నా చేతిలో సరిగ్గా ఎనిమిది నాణేలు, మార్కెట్ రాలేదు కాబట్టి ఒకే కొనుగోలు. ప్రొవిన్స్ కొనేయాలని చేయి లాగుతుంది. కొంటే నాకు 26. కానీ గుట్టలో ఇంకొకటే మిగులుతుంది, ప్రొవిన్స్ గుట్ట ఖాళీ అయిన వంతుతోనే ఆట ముగుస్తుంది. ప్రత్యర్థికి ఎనిమిది వస్తే అది చివరిది తీసుకుని 27తో గెలుస్తుంది, నాకు ఇంకో వంతు ఉండదు.

అందువల్ల డచీ కొన్నాను. నాకు 23. ఇప్పుడు అది ప్రొవిన్స్ కొన్నా 27 అవుతుంది గాని ఆట ముగియదు, చివరి ప్రొవిన్స్ నాకోసం మిగులుతుంది. దాన్ని తీసుకుంటే 29. ప్రత్యర్థి వంతులో స్మితీ తేలి తొమ్మిది నాణేలు వచ్చాయి, మొదటి నియమం ప్రకారం అది ప్రొవిన్స్ తీసుకుంది. మనిషైతే అక్కడ ఒక క్షణం ఆగి, తానూ డచీ కొని నన్నే ముందుకు తోసేవాడేమో, పట్టిక ఆగదు. నా వంతులో నాణేలు ఏడే వచ్చాయి, కానీ చేతిలో రీమోడల్, దాని పక్కన గోల్డ్ ఉన్నాయి. గోల్డ్ ధర ఆరు, ఆరుకు రెండు కలిపితే ఎనిమిది. గోల్డ్‌ను తీసేసి చివరి ప్రొవిన్స్ తెచ్చుకున్నాను. 29కి 27.

ఈ ఎత్తు మీకు ఎప్పుడు వర్తిస్తుందో గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు ప్రొవిన్సులు మిగిలి, మీరు వెనకబడి లేదా సమానంగా ఉండి, తర్వాతి వంతులో మళ్లీ ఎనిమిది చేర్చగల నమ్మకం మీ కట్ట మీద ఉంటేనే డచీ వైపు వెళ్లాలి. కట్ట అంత నిలకడగా లేకపోతే ప్రొవిన్స్ తీసుకుని ప్రత్యర్థికి ఎనిమిది రాకూడదని ఎదురుచూడడమే మేలు. ఆ సమయంలో దాని పారేసిన గుట్టను తిరగేసి ఏమి మిగిలాయో చూడాలనిపిస్తుంది. మనుషుల మధ్య ఆ అనుమతి లేదు, ఇక్కడా చూడవద్దు. కొనేటప్పుడు గుర్తుంచుకున్నంతే మీ హక్కు. పాయింట్లు సమానమైతే తక్కువ వంతులు ఆడినవారిది గెలుపు అన్న నియమాన్నీ మరిచిపోకూడదు. ఎవరు ముందు మొదలుపెట్టారో రాసి ఉంచుకోవడం అందుకే.

పోటీని పెంచడం, దాని హద్దులు

మూడు ఆటలకు రెండు గెలుస్తున్నప్పుడు ప్రత్యర్థిని కొంచెం గట్టిపరచండి. ప్రతిసారీ దానికే మొదటి వంతు ఇవ్వడం అన్నిటికంటే తేలిక. ఆ తర్వాత అయిదవ నియమంలో స్మితీ బదులు మిలీషియా రాయండి. ఇప్పుడు మీ చేతులు మూడుకు పడిపోతాయి, స్మితీ విలేజ్‌ల గొలుసు ఎంత పెళుసుదో అప్పుడు తెలుస్తుంది, దాడిని అడ్డుకునే మోట్ విలువ కూడా అప్పుడే తెలుస్తుంది. విచ్ ఉన్న పదిలో, అయిదు నాణేలు మొదటిసారి వచ్చినప్పుడు విచ్ కొంటుందని రాస్తే అది చాలా కఠినమైన ప్రత్యర్థి అవుతుంది; పది కర్స్‌లలో సగానికి పైగా మీ కట్టలోకి చేరకముందే మీరూ విచ్ కొనకపోతే ఆ ఆట తిరిగి పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

ఈ ప్రత్యర్థికి చేతకానివి కూడా ఉన్నాయి. ప్రొవిన్స్ గుట్ట ఒక్కటే కాదు, ఏవైనా మూడు గుట్టలు ఖాళీ అయినా ఆట ముగుస్తుంది. ఇది ఆ దారిని చూడలేదు. మీరు ఎస్టేట్, విలేజ్, వర్క్‌షాప్ గుట్టలను ఊడ్చేసి, కొద్ది పాయింట్ల ఆధిక్యంతో హఠాత్తుగా ముగిస్తే అది ఏమీ చేయలేదు. ఆ గెలుపును నేను నోటుపుస్తకంలో వేరే గుర్తుతో రాసుకుంటాను, ఎందుకంటే మనిషి రెండవ గుట్ట పల్చబడుతుండగానే పసిగట్టేవాడు. ఇంకొకటి, అదనపు యాక్షన్లు ఇచ్చే కార్డు ఒక్కటీ లేని పదిలో మీ పథకమూ చివరికి డబ్బు దగ్గరకే చేరుతుంది. అక్కడ ఇద్దరూ ఒకే దారిలో పరుగెత్తుతారు, ఫలితాన్ని ఎక్కువగా పేక కలిపిన తీరే తేలుస్తుంది. పది కార్డులను బల్ల మీద పరిచిన వెంటనే, ఒక్కటి కూడా కొనకముందే, ఇది అలాంటి పదా కాదా అని చూసుకోండి. అలాంటిదే అయితే కనీసం ఒక విలేజ్ తరహా కార్డునూ, రెండు మూడు ముక్కలు తెచ్చే ఒక కార్డునూ మార్చి పెట్టి మొదలుపెట్టండి.